యాస మార్చుకోవాలా, మాట తేటపరచుకోవాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉంటూ ఫోన్‌లో అమెరికా కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను. రోజూ చాలామంది "సారీ, మళ్లీ చెప్పండి" అంటున్నారు. మా టీమ్ లీడర్ యాస పోగొట్టుకోమంటున్నారు. మూడు నెలల్లో అమెరికన్ యాస నేర్పిస్తామంటూ ముప్పై వేలు అడుగుతున్న కోర్సు ఒకటి చూశాను. చేరమంటారా?

సమాధానం:

చేరవద్దనే నా సలహా. బరంపురంలో చాలా ఏళ్లుగా నేను ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మీలాగే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగి, ఫోన్ ముందు కూర్చొని పనిచేసేవారే. మీ ఇబ్బంది నిజమైనదే, కానీ దానికి మీ టీమ్ లీడర్ చెప్పిన కారణం సరైనది కాదు.

ఒకరి మాట విన్నప్పుడు మనం మూడు వేరువేరు విషయాలను గమనిస్తాము. మాటలో పరాయి యాస ఎంత ఉందన్నది మొదటిది, దాన్ని అర్థం చేసుకోవడానికి ఎంత శ్రమ పడవలసి వచ్చిందన్నది రెండవది, చివరికి మాట ఉన్నదున్నట్టుగా చెవికి అందిందా లేదా అన్నది మూడవది. ఈ మూడూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కెనడాలో మన్రో, డెర్వింగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో, చైనీస్ మాతృభాషగా గలవారి ఇంగ్లీషును ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి వినిపించి, విన్నది విన్నట్టు రాయించారు. తరువాత యాస ఎంత ఉందో, అర్థం చేసుకోవడం ఎంత కష్టమో విడివిడిగా అంచనా వేయించారు. "యాస చాలా గట్టిగా ఉంది" అని శ్రోతలు తేల్చిన వాక్యాలలో చాలావాటిని అదే శ్రోతలు ఒక్క మాట కూడా పోకుండా రాయగలిగారు. యాస ఉండడం వేరు, మాట అందకపోవడం వేరు అని ఆ తరువాత ఎన్నో అధ్యయనాలు ధ్రువపరిచాయి.

దీనికి కెనడా దాకా వెళ్లనవసరం లేదు. మన సరిహద్దు తెలుగులో ఒడియా పలుకుబడి కలిసి ఉంటుంది, కింద శ్రీకాకుళం తీరు ఉంటుంది. గుంటూరు వైపు బంధువుల ఇంటికి వెళ్తే మనం నోరు తెరవగానే "మీరు ఒరిస్సా వాళ్లా" అని నవ్వుతారు. అలా నవ్వినవారు కూడా మనం చెప్పిన బస్సు సమయాన్ని తప్పుగా వినరు.

పొరపాటు జరిగితే ప్రాణాలు పోయే చోట ఏం చేస్తున్నారో చూడండి. విమాన చోదకులు, నియంత్రణ కేంద్రంవారు రేడియోలో మాట్లాడుకునే ఇంగ్లీషుకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలు నిర్ణయించింది. అంతర్జాతీయ విమానాలు నడపడానికి కావలసిన కనీస స్థాయి నాలుగవది. ఉచ్చారణలో మాతృభాష ప్రభావం ఉండవచ్చుననీ, అయితే అది అర్థమవడానికి అప్పుడప్పుడు మాత్రమే అడ్డు రావాలనీ ఆ స్థాయి నిర్వచనంలోనే ఉంది. అంతేకాదు, రేడియోలో 'త్రీ' అనే అంకెను 'ట్రీ' అనీ, 'ఫైవ్'ను 'ఫైఫ్' అనీ, 'నైన్'ను 'నైనర్' అనీ పలకాలని ఆ సంస్థే నిర్దేశించింది. లండన్‌లోగానీ న్యూయార్క్‌లోగానీ మామూలుగా ఎవరూ అలా పలకరు. వినేవారికి పొరపడే అవకాశం తగ్గితే చాలునని, ఇంగ్లీషువారి నోటికి కూడా కొత్త ఉచ్చారణ నేర్పారు.

ఇక అనుకరణ వల్ల జరిగే నష్టాన్ని ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే కోర్సుల ప్రకటనలలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. అమెరికన్ యాస నేర్పేవారు మొదట నేర్పేది మాట చివరి 'ట్' శబ్దాన్ని మింగేయడం. అమెరికన్లు 'కాంట్' అనే మాటను దాదాపు 'క్యాన్' లాగా, చివరి 'ట్' విడవకుండా గొంతులోనే ఆపి పలుకుతారు. అయినా వారిలో వారికి తికమక రాదు. 'చేయగలం' అనే అర్థంలో వచ్చే 'క్యాన్'ను వారు వాక్యం మధ్యలో 'కన్' అని తేల్చేస్తారు, 'చేయలేం' అన్నప్పుడు మాత్రమే 'క్యా' నిండుగా వినిపిస్తుంది. వినేవారు తేడా పట్టుకునేది ఆ అచ్చు నిండుదనాన్ని బట్టే. మన విద్యార్థి ఇందులో సగమే నేర్చుకుంటాడు. 'ట్' మింగడం పైకి తెలిసే విషయం గనుక దాన్ని పట్టుకుంటాడు, 'కన్' అని తేల్చడం చెవికి ఆనదు గనుక వదిలేస్తాడు. ఫలితంగా 'వీ క్యాన్ రిఫండ్', 'వీ క్యాన్(ట్) రిఫండ్' రెండూ అతని నోట ఒకేలా వస్తాయి. డబ్బు వాపసు ఇవ్వలేమని తాను చెప్పాననుకుంటాడు, ఇస్తామన్నాడని కస్టమర్ వింటాడు. కోర్సుకు వెళ్లకముందు అదే వ్యక్తి 'కాంట్' అని దీర్ఘంతో, చివరి 'ట్'తో సహా తేటగా పలికేవాడు. మీరు మాత్రం ఆ మాట ముఖ్యమైన చోట 'కెనాట్' అని పూర్తిగా పలకండి, వివాదమే ఉండదు.

మరి కస్టమర్లు మళ్లీ చెప్పమని ఎందుకు అడుగుతున్నారు? మీ కాల్స్ నేను వినలేదు గాని, తెలుగు, ఒడియా రెండూ తెలిసినవారిలో మాట ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. అది మూడు నాలుగు చోట్లకు మించదు. అన్నిటికంటే ఖరీదైనది అంకెల దగ్గర జరుగుతుంది గనుక అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని బిల్లుల విభాగంలో పనిచేసేది. యాభై డాలర్లని ఆమె చెబితే కస్టమర్ పదిహేను అని రాసుకోవడం, తరువాత మోసం చేశారని ఫిర్యాదు చేయడం పదేపదే జరిగేది. తన 'ఫ' సరిగా పలకడం లేదేమోనని ఆమె అద్దం ముందు పెదవులు చూసుకుంటూ సాధన చేసేది. లోపం 'ఫ'లో లేదు. మనం తెలుగులో 'ఫిఫ్టీ', 'థర్టీ', 'కంపెనీ', 'వారంటీ', 'డెలివరీ' అని చివరి అక్షరానికి దీర్ఘమిచ్చి రాస్తాము, అలాగే పలుకుతాము. ఇంగ్లీషులో ఈ మాటలకు చివరి అచ్చు పొట్టిగా, తేలికగా ఉంటుంది. 'ఫిఫ్టీ'లో బలమంతా 'ఫిఫ్' మీద పడుతుంది. పదిహేను అనే 'ఫిఫ్టీన్'లో బలం, దీర్ఘం రెండూ చివరి అక్షరానికి వెళ్తాయి. అంటే మనం 'ఫిఫ్టీ' అని చివర సాగదీయగానే ఇంగ్లీషు చెవి దాన్ని 'టీన్' వర్గంలో వేసుకుంటుంది. చివరి 'న్' ఫోన్‌లో ఎలాగూ సన్నగా వినిపిస్తుంది గనుక, అది లేదన్న సంగతి వారికి పట్టదు.

మందు కూడా మన దగ్గరే ఉంది. ఒడియా పలుకుబడిలో హ్రస్వ దీర్ఘాల భేదం దాదాపు లేదు, కానీ మీ ఇంటి తెలుగులో అది అర్థాన్నే మారుస్తుంది. 'పడి', 'పాడి' అని రెండేళ్ల పిల్లవాడు కూడా తేడాగా పలుకుతాడు. ఆ అలవాటును ఇక్కడ వాడుకోండి. యాభై చెప్పవలసినప్పుడు 'ఫిఫ్' మీద గొంతు కొద్దిగా పైకి లేపి, 'టి'ని హ్రస్వంగా తెంపేయండి. పదిహేను చెప్పవలసినప్పుడు 'ఫిఫ్'ను తేలికగా వదిలి, 'టీ...న్' అని సాగదీసి, నాలుకను 'న్' దగ్గర ఒక క్షణం ఆపండి. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. 'ఫిఫ్టీన్ డాలర్స్' అని వెంటనే మరో మాట వస్తే, ఇంగ్లీషువారు కూడా బలాన్ని ముందు అక్షరానికి జరిపేస్తారు, అప్పుడు వారిలో వారికే తికమక వస్తుంది. అందువల్ల డబ్బు, తేదీ, ఇంటి నంబరు చెప్పేటప్పుడు 'ఫిఫ్టీ, ఫైవ్ జీరో' అని అంకెలు విడగొట్టి చెప్పడం ఒక్కటే ఖాయమైన దారి. ఆ విద్యార్థిని చేసింది ఈ రెండు మార్పులే. ఆమె యాస ఇప్పటికీ గుణుపురం యాసే, మొత్తాల మీద ఫిర్యాదులు మాత్రం ఆగిపోయాయి.

ఒక మాటలో ఏ అక్షరం మీద బలం పడాలన్నది అంకెలకే పరిమితం కాదు. 'డెలివరీ'లో బలం 'లి' మీద, 'కంపెనీ'లో 'కం' మీద, 'డెవలప్‌మెంట్'లో 'వె' మీద పడాలి. హైదరాబాదులో పనిచేసిన ఆర్.కె. బన్సల్ 1969లో భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశస్థులకు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించినప్పుడు, మాట తెగిపోవడానికి ఆయనకు కనిపించిన ముఖ్య కారణాలలో ఈ ఊనిక తప్పడం ఒకటి. మీరు నిఘంటువంతా బట్టీ పట్టనక్కరలేదు. మీ పనిలో రోజూ వచ్చే మాటలు నూటికి మించవు. వాటిని ఒక కాగితం మీద రాసుకొని, ఏదైనా మంచి నిఘంటువు వెబ్‌సైటులో ఒక్కొక్కటీ విని, బలం పడే అక్షరం కింద గీత గీయండి.

రెండవది మాట చివర అచ్చు చేర్చడం. తెలుగులో మాట అచ్చుతో ముగియడమే సహజం గనుక 'కార్డు', 'లిస్టు', 'చెక్కు' అంటాము. హిందీవారు 'ఘర్' అని ఆపేసే చోట ఒడియావారు చివరి అచ్చును కూడా పలుకుతారు గనుక, బడి భాష కూడా మిమ్మల్ని అదే వైపు నెట్టింది. 'లిస్టు' అన్నప్పుడు అమెరికన్ చెవికి అదనంగా ఒక అక్షరం వినిపిస్తుంది, దానితో అతను ఆ తరువాత వచ్చే మాట ఏదో వెతకడం మొదలుపెడతాడు. చివరి హల్లును గట్టిగా తెంపాలని ప్రయత్నిస్తే మన నోరు ఇంకా మొండికేస్తుంది. దానికి బదులు తరువాతి మాటలోని అచ్చుతో కలిపేయండి. 'చెక్ ఇట్' అనేదాన్ని 'చె-కిట్' అనీ, 'కార్డ్ ఈజ్' అనేదాన్ని 'కార్-డీజ్' అనీ పలికితే హల్లుకు దాని అచ్చు దొరుకుతుంది, మన నోటికీ తృప్తి కలుగుతుంది. ఇది కొద్ది వారాలలోనే అలవాటవుతుంది.

మూడవది మాట మొదట్లో జరుగుతుంది. తెలుగులో మాట మొదటి 'ఎ'ను 'యె'గా పలుకుతాము. మామూలు వాక్యాలలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ బుకింగ్ కోడ్ చదివేటప్పుడు 'ఎస్' అనే అక్షరం 'యెస్' అయిపోతుంది, కస్టమర్ "యెస్ దేనికి?" అని అడుగుతాడు! 'ఎల్' కూడా అంతే, అది 'యెల్' అవుతుంది. నాలుక కొనను కింది పళ్ల వెనుక ఆనించి, దవడను ముందే కొద్దిగా తెరిచి, ఆ తరువాత గొంతు విప్పితే 'య' చొరబడదు. ఇక 'పి' అనే అక్షరాన్ని 'బి'గా వినడం మరో ఫిర్యాదు. ఇంగ్లీషులో మాట మొదటి 'ప', 'ట', 'క'ల వెంట ఒక ఊపిరి వెలువడుతుంది, ఆ ఊపిరి లేకపోతే వారికి 'ప్యాక్' కాస్తా 'బ్యాక్' అవుతుంది. ఇక్కడ మీ ఒడియా చదువు అక్కరకు వస్తుంది. ఆంధ్రలో 'ఫలం' అన్నప్పుడు చాలామంది కింది పెదవికి పై పళ్లు ఆనించి పలుకుతారు. మీరు ఒడియాలో 'ఫళ' అన్నప్పుడు పెదవులు రెండూ కలిసి, విడివడుతూ ఊపిరి తగులుతుంది. సరిగ్గా ఆ శబ్దంతోనే 'పి', 'ప్యాక్', 'పేమెంట్' మొదలుపెట్టండి. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుంటే అది ఊగాలి. 'స్పీక్', 'స్టాప్' వంటి 'స్' తో మొదలయ్యే మాటలలో మాత్రం ఆ ఊపిరి అక్కరలేదు.

కొన్నిటిని మాత్రం మీ యాసకు పూర్తిగా ఒప్పజెప్పినా ఫరవాలేదు. 'థాంక్స్'లో నాలుకను పళ్ల మధ్య పెట్టడం, 'ట', 'డ'లను వారిలా పలకడం, 'ర'ను నాలుక మడిచి తిప్పడం, ఇవన్నీ కోర్సులలో నెలలు తినేసే అంశాలు. వేరువేరు మాతృభాషలవారు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నప్పుడు మాట ఎక్కడ తెగుతుందో గమనించిన జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో ప్రతిపాదించిన అవసరమైన అంశాల జాబితాలో నాలుక పళ్ల మధ్య పెట్టే ఆ శబ్దం లేదు. మాట మొదటి ఊపిరి, అచ్చుల నిడివి, వాక్యంలో ముఖ్యమైన మాట మీద బలం, ఇవి ఉన్నాయి.

వాక్యం దగ్గర కూడా ఒక మాట చెప్పాలి. మనం వాక్యమంతా ఒకే ఊపున, ఒకే బలంతో చెప్పేస్తాము. 2004లో లారా హాన్ చేసిన ప్రయోగంలో, ఒకే వ్యక్తి ఒకే ప్రసంగాన్ని ముఖ్యమైన మాటలను సరిగా ఒత్తి ఒకసారి, తప్పుచోట ఒత్తి ఒకసారి, అసలు ఒత్తకుండా ఒకసారి చెప్పినప్పుడు, సరిగా ఒత్తి చెప్పినదాన్నే విద్యార్థులు బాగా గుర్తుంచుకున్నారు. 'మీ పార్సెల్ గురువారం వస్తుంది' అని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'థర్స్‌డే' ముందు ఒక లిప్త ఆగి, ఆ మాటను ఎత్తి పలకండి. "సారీ?" అని ఎవరైనా అడిగినప్పుడు వాక్యమంతా మళ్లీ గట్టిగా చెప్పవద్దు, అందని ఆ ఒక్క మాటను వేరే రూపంలో చెప్పండి.

ఇప్పుడు మీరు చేయవలసినది. ఒక నోటు పుస్తకంలో మూడు నిలువు గడులు గీయండి. నేను అన్నది, వారు విన్నది, ఏ మాట దగ్గర ఆపారు. కస్టమర్ల రికార్డింగులను ఇంటికి తీసుకువెళ్లవద్దు, ఆఫీసు నిబంధనలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా మంచిది కాదు. కాల్ అయిన వెంటనే ఒక పంక్తి రాసుకుంటే చాలు. రెండు వారాలయ్యేసరికి ఒకే రకం పొరపాట్లు గుంపులుగా కనిపిస్తాయి, మొదట పెద్ద గుంపునే పట్టుకోండి. ఆ గుంపులో 'స', 'ఫ'ల తికమక ఉంటే మాత్రం మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. పాత తరహా ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనినే మోస్తుంది, ఆ రెండు శబ్దాలను విడదీసే సూచనలలో ఎక్కువ భాగం దానికి పైన ఉంటుంది. వాటిని పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారు కూడా "ఎస్ ఫర్ షుగర్" అని విప్పి చెప్పవలసిందే.

మెరుగుపడుతున్నారో లేదో తెలుసుకోవడానికి, సులభంగా ఊహించలేని ఇరవై వాక్యాలు రాసి, మీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి, తెలుగు, ఒడియా రెండూ రాని ఒక సహోద్యోగికి ఇచ్చి, ఒక్కసారే విని రాయమనండి. కేరళవారో పంజాబువారో ఎవరైనా ఫరవాలేదు. మీతో రోజూ మాట్లాడేవారు పనికిరారు, ఎందుకంటే వారి చెవి మీకు అలవాటుపడిపోయి ఉంటుంది. ఎన్ని మాటలు సరిగా రాశారో లెక్కపెట్టండి, వినడానికి ఎంత కష్టమైందో కూడా విడిగా అడగండి. ఆరు వారాల తరువాత వేరే వాక్యాలతో, వేరే మనిషితో అదే పరీక్ష పెట్టండి.

కోర్సు నడిపేవారిని ఒకే ఒక ప్రశ్న అడిగి చూడండి. చేరే ముందు, ముగిశాక మీ మాటను తెలియనివారికి వినిపించి రాయిస్తారా? రాయించేవారైతే, మాతృభాషను బట్టి పాఠం మార్చేవారైతే, అప్పుడు ఆలోచించవచ్చు. "పుట్టుకతో అమెరికన్‌లా మాట్లాడతారు" అని హామీ ఇస్తే డబ్బు దాచుకోండి, పెద్దయ్యాక నేర్చుకున్నవారిలో అలా మాట్లాడగలిగేవారు బహు అరుదు.

ఇంత చేసినా కొన్ని కాల్స్ మారవు. డొనాల్డ్ రూబిన్ 1992లో అమెరికాలో చేసిన ప్రయోగంలో, ఒకే స్థానిక గొంతుతో రికార్డు చేసిన ప్రసంగాన్ని కొందరికి తెల్లజాతి మహిళ ఫొటోతో, కొందరికి ఆసియా మహిళ ఫొటోతో వినిపిస్తే, రెండవ గుంపువారికి పరాయి యాస వినిపించింది, అర్థమైనది కూడా తక్కువే. మీరు పేరు చెప్పిన మొదటి క్షణంలోనే గొంతు మార్చేవారు మీకూ తగులుతారు. వారిని నోటు పుస్తకంలో వేరే పుటలో రాయండి, సాధన చేయవలసిన గుంపులలో కలపవద్దు. మీ టీమ్ లీడర్ తదుపరి సమీక్షలో ఈ విషయం ఎత్తితే ఆ రెండు పుటలూ, ఆరు వారాల తేడాతో చేసిన రెండు పరీక్షల ఫలితాలూ ఆయన ముందు పెట్టండి.